ప్రైవసీ డాష్‌బోర్డ్‌లో మైక్, కెమెరా వాడిన యాప్స్ కనిపిస్తే అది మామూలేనా, అనుమానించాలా? ఎలా చెక్ చేయాలి?

ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ ఎప్పుడు మైక్, కెమెరా వాడిందో చూపించే ప్రైవసీ డాష్‌బోర్డ్ ఓపెన్ చేసి, మైక్రోఫోన్ కింద ఐదారు యాప్స్ పేర్లు చూసి, వెంటనే స్క్రీన్‌షాట్ తీసి "నా ఫోన్ హ్యాక్ అయిందా?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. భయం సహజమే, కానీ పేరు కనిపించినంత మాత్రాన ఏమీ తేలదు. అసలు చూడాల్సింది టైం. ఆ టైంలో ఆ యాప్ మీ చేతిలో ఓపెన్ అయి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే చాలావరకు విషయం తేలిపోతుంది.

ముందు పూర్తి స్క్రీన్ దాకా వెళ్లండి

ఈ డాష్‌బోర్డ్ ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో Privacy లోకి గానీ, కొత్త వెర్షన్లలో Security & privacy లోకి గానీ వెళ్తే Privacy dashboard కనిపిస్తుంది. కంపెనీని బట్టి దారి మారుతుంది కాబట్టి దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్‌లో privacy అని టైప్ చేయండి.

మొదటి పేజీలో ఎన్ని యాప్స్ వాడాయో లెక్క మాత్రమే ఉంటుంది, చాలామంది అదే స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, దాంతో ఎవరూ ఏమీ చెప్పలేరు. మైక్రోఫోన్ మీద నొక్కితే టైమ్‌లైన్ వస్తుంది, అందులో ఏ యాప్ ఎన్ని గంటలకి వాడిందో, ఎక్కువసేపు వాడితే ఎంతసేపు వాడిందో ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీయాల్సింది అది. పైన మూడు చుక్కల మెనూలో Show system ఉంటే దాన్ని కూడా ఆన్ చేసి ఇంకోటి తీయండి, ఎందుకంటే సిస్టమ్ యాప్స్‌ని మామూలుగా దాచి ఉంచుతుంది. ఇది సాధారణంగా గడిచిన 24 గంటల రికార్డే, కొన్ని ఫోన్లలో మాత్రమే 7 రోజులది కూడా చూడొచ్చు, కాబట్టి అనుమానం వచ్చిన రోజే తీసి పెట్టుకోండి, రేపు చూద్దాంలే అనుకుంటే ఆ లైన్ పోతుంది.

ఇప్పుడు ఒక్కో లైన్‌నీ టైంతో పోల్చండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. మైక్ టైమ్‌లైన్‌లో ఇలా ఉందనుకోండి: రాత్రి 9:10కి వాట్సాప్, 47 నిమిషాలు. ఉదయం 7:05కి గూగుల్. మధ్యాహ్నం 1:20కి ఇన్‌స్టాగ్రామ్, అదే నిమిషంలో కెమెరా కింద కూడా ఇన్‌స్టాగ్రామ్. తెల్లవారుజామున 3:12కి ఒక ఫ్లాష్‌లైట్ యాప్, 18 నిమిషాలు.

వాట్సాప్ 47 నిమిషాలు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది, కానీ వాట్సాప్‌లోనే కాల్ లాగ్ తెరిస్తే 9:10కే ఒక కాల్ ఉంటుంది. కాల్ మధ్యలో స్క్రీన్ ఆఫ్ అయినా, మీరు వేరే యాప్‌లోకి వెళ్లినా మైక్ ఆన్‌లోనే ఉంటుంది, అది తప్పు కాదు. కాల్ టైం, డాష్‌బోర్డ్ టైం ఇంచుమించు కలిస్తే దాన్ని వదిలేయండి.

గూగుల్ అయితే వాయిస్ సెర్చ్ నొక్కారా, "హే గూగుల్" ఆన్‌లో ఉందా చూడండి. టీవీలో మాటనో, పక్కవాళ్ల మాటనో విని అసిస్టెంట్ పొరపాటున లేవడం కూడా జరుగుతుంది, అది ఇబ్బందిగా ఉంటే ఆ ఆప్షన్ ఆపేసుకోండి.

ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటిలో స్టోరీ కోసం వేలు పక్కకి జరిగితే చాలు కెమెరా తెరుచుకుంటుంది, మీరు ఏమీ తీయకపోయినా కెమెరా లైన్ పడుతుంది. వీడియో మోడ్ అయితే మైక్ కూడా తోడవుతుంది. ఆ టైంలో మీరు ఆ యాప్‌లోనే ఉంటే దీన్ని కూడా వదిలేయొచ్చు.

ఇక మిగిలింది ఫ్లాష్‌లైట్ యాప్. టార్చ్ వెలిగించడానికి మైక్‌తో ఏం పని? అది ఒక అనుమానం. రెండోది, 3:12కి మీరు నిద్రలో ఉన్నారు. ఇక్కడ ఊహలతో ఆగిపోకుండా సెట్టింగ్స్‌లో Digital Wellbeing తెరవండి, అందులో ఆ రోజు ఏ యాప్ ఏ గంటలో స్క్రీన్ మీద ఉందో కనిపిస్తుంది. 3 గంటల దగ్గర ఆ యాప్ అసలు లేదు, మైక్ మాత్రం 18 నిమిషాలు వాడింది అంటే ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయమే.

ఎందుకంటే ఆండ్రాయిడ్ 9 నుంచి వెనకాల ఊరికే ఉన్న యాప్‌కి మైక్, కెమెరా అందకుండా సిస్టమే ఆపుతుంది. మామూలు యాప్ స్క్రీన్ మీద లేకుండా మైక్ వాడాలంటే రికార్డర్ యాప్ లాగా నోటిఫికేషన్ పెట్టి పని చేస్తూ ఉండాలి. లేదా స్క్రీన్ మీద ఉన్నది చదవడానికి, మీ బదులు నొక్కడానికి వీలిచ్చే యాక్సెసిబిలిటీ లాంటి పెద్ద పర్మిషన్ దానికి ఎవరో ఇచ్చి ఉండాలి. రెండూ లేని మంచి యాప్‌కి ఆ లైన్ పడదు.

అనుమానం నిజమైతే ఏం చేయాలి

డాష్‌బోర్డ్‌లో ఆ లైన్ మీదే నొక్కితే పర్మిషన్ పేజీకి వెళ్తారు, Don't allow పెట్టండి. ఇది కొట్టాక యాప్ పని మామూలుగానే జరిగితే, దానికి మైక్ అవసరమే లేదని తేలినట్టే. తర్వాత సెట్టింగ్స్‌లో Accessibility తెరిచి, మీరు పెట్టని యాప్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. "System Service", "Update" లాంటి పేర్లతో ఉండే యాప్స్‌ని మరీ జాగ్రత్తగా చూడాలి, అసలైన సిస్టమ్ భాగం సాధారణంగా మీరు డౌన్‌లోడ్ చేసిన యాప్స్ లిస్టులో కనిపించదు. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పని చేయకపోతే, ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న యాప్స్‌ని చూపించే device admin లిస్టులో దానికి టిక్ ఉందేమో సెట్టింగ్స్‌లో చూసి, అది తీసేశాక తొలగించండి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ కొట్టండి.

ఒక్క జాగ్రత్త. మీ ఫోన్ ముట్టుకునే దగ్గరి మనిషే ఆ యాప్ పెట్టారని అనుమానం ఉంటే వెంటనే తీసేయకండి. తీసేస్తే వాళ్లకి తెలిసిపోవచ్చు, మీ చేతిలో ఉన్న ఆధారం కూడా పోతుంది. ముందు టైమ్‌లైన్‌నీ, పర్మిషన్ పేజీనీ ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, సాయం అడగడానికి కూడా ఆ ఇంకో ఫోనే వాడండి.

డాష్‌బోర్డ్ చెప్పనివి

మైక్ తెరిచిందని మాత్రమే చెబుతుంది, రికార్డ్ చేసి ఎక్కడికైనా పంపిందా అన్నది చెప్పదు. రూట్ చేసిన, అంటే సిస్టమ్ తాళాలు తీసేసి పూర్తి అధికారం తెరిచిన ఫోన్‌లో, లేదా సిస్టమ్ లోపలికే చొరబడిన స్పైవేర్ ఉన్న ఫోన్‌లో ఈ లిస్టు ఖాళీగా ఉందని ధైర్యపడలేం. "ఏదో మాట్లాడితే దాని యాడ్ వచ్చింది" అనేదానికి కూడా ఇది జవాబు కాదు, యాడ్స్‌కి మీ సెర్చ్‌లు, లొకేషన్, యాప్స్‌లో మీరు చూసినవి చాలు, మైక్ అక్కర్లేదు.

రాత్రిళ్లు నిశ్చింతగా ఉండాలంటే, పైనుంచి లాగే క్విక్ సెట్టింగ్స్‌లో Mic access, Camera access బటన్లు పెట్టుకుని ఆఫ్ చేసేయండి. అవి ఆఫ్‌లో ఉంటే యాప్‌కి పర్మిషన్ ఉన్నా మైక్ నుంచి నిశ్శబ్దం, కెమెరా నుంచి ఖాళీ బొమ్మ మాత్రమే వెళ్తాయి. పొద్దున్నే కాల్ వచ్చే ముందు మళ్లీ ఆన్ చేసుకోవడం మాత్రం గుర్తుంచుకోండి, లేకపోతే అవతలివాళ్లకి మీ మాట వినపడకపోవచ్చు.