రచయిత టోన్ పట్టుకోవడం, 5వ పాఠం: ముందు ఆ మాట ఎవరిదో తేల్చండి

ఈ వారం టోన్ పదాల పెద్ద పట్టికతో మొదలుపెడదామనుకున్నాను. 4వ పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆ పట్టికను పక్కన పెట్టేశాను. ఎక్కువమంది తప్పింది పదాల అర్థం తెలియక కాదు. పాసేజ్‌లో ఎవరో అన్న మాటను తీసుకెళ్లి రచయిత ఖాతాలో వేశారు. అందుకని ఆ పాసేజ్‌నే మళ్లీ ముందు పెట్టుకుందాం. పరీక్షలో పాసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే పని ఒకటే. సంకేత పదాలు మాత్రం ఇంగ్లీషువే ఇస్తాను.

"పెర్సివల్ లోవెల్ 1894లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టించుకుని, అంగారకుడి మీద కనిపించాయంటూ ఏళ్ల తరబడి కాలువల బొమ్మలు గీశాడు. ఎండిపోతున్న ఆ గ్రహం మీద తెలివైన జీవులు నీటి కోసం తవ్వుకున్నవే అవి అన్నాడు. తోటి ఖగోళ శాస్త్రవేత్తల్లో చాలామందికి అది పగటికల, పత్రికలకు పనికొచ్చే కట్టుకథ. కాలువలు లేవన్నది నిజమే. 1965లో మారినర్ 4 పంపిన ఫొటోల తర్వాత ఆ వాదనకు చోటే లేకుండా పోయింది. అయితే టెలిస్కోపును గాలి నిలకడగా ఉండే ఎత్తైన చోట పెట్టాలని ఆయన పట్టుబట్టడం సరైన పనే. ఆయన మొదలుపెట్టిన వెతుకులాట ఆయన పోయాక కూడా అదే వేధశాలలో సాగి, 1930లో ప్లూటోను పట్టిచ్చింది. కాలువల పేరు చెప్పి లోవెల్‌ను మొత్తంగా కొట్టిపారేయడం తొందరపాటు."

ప్రశ్న: లోవెల్ పట్ల రచయిత వైఖరి ఏమిటి? ఆప్షన్లు నాలుగు: డిరైసివ్ అంటే ఎగతాళి, ఇన్‌డిఫరెంట్ అంటే పట్టనితనం, క్వాలిఫైడ్ అడ్మిరేషన్ అంటే షరతులతో కూడిన మెచ్చుకోలు, యాంబివాలెంట్ అంటే ఎటూ తేలని రెండు మనసులు.

జవాబు మూడోది. ఎక్కువమంది పెట్టింది మొదటిది. కారణం అడిగితే అందరూ చూపించినవి రెండే మాటలు: పగటికల, కట్టుకథ. ఆ రెండూ ఘాటైన మాటలే, కాదనను. కానీ ఆ వాక్యం ఎలా మొదలైందో చూడండి. "తోటి ఖగోళ శాస్త్రవేత్తల్లో చాలామందికి" అని ఉంది. ఎగతాళి చేసింది వాళ్లు. రచయిత దాన్ని మనకు అందించాడు, అంతే. పైగా చివరి వాక్యంలో తప్పుపట్టింది ఆ కొట్టిపారేసేవాళ్లనే.

సరైన జవాబు పెట్టినవాళ్లలో కూడా కొందరి కారణం నాకు నచ్చలేదు. "అయితే వచ్చింది కదా సార్, అయితే తర్వాత ఉన్నదే రచయిత అభిప్రాయం అన్నారు కదా" అని రాశారు. నేను అన్నది అక్కడితో ఆగలేదు. ఆ మలుపు రచయిత గొంతులో ఉంటేనే అని దాని పక్కనే రాశాను. ఇదిగో, ఈ వాక్యం చూడండి: "లోవెల్ శ్రమ మెచ్చదగ్గదే అయితే ఊహకు కళ్లెం లేదని విమర్శకులు అంటారు." ఇక్కడ మెచ్చుకోలూ విమర్శకులదే, 'అయితే' కూడా విమర్శకులదే. రచయిత ఇంకా నోరు విప్పలేదు. ఇంగ్లీషులో బట్, హౌఎవర్, యెట్ కనబడగానే గీత గీసి సంబరపడితే ఇలాంటి చోటే దెబ్బ తగులుతుంది.

కాబట్టి పని వరస ఇలా పెట్టుకోండి. మొదటిసారి చదివేటప్పుడు టోన్ గురించి ఆలోచించకండి. ప్రతి వాక్యం పక్కన ఎవరి గొంతో ఒక్క అక్షరం వేయండి. పై పాసేజ్‌లో మొదటి వాక్యం వట్టి సమాచారం, రెండోది లోవెల్ మాట, మూడోది శాస్త్రవేత్తల మాట. ఆ తర్వాతివన్నీ రచయితవి. రచయితవి తప్ప మిగతావి చేత్తో మూసేయండి. మిగిలిన వాటిలో తీర్పు చెప్పే మాటలు ఏరితే మూడు దొరుకుతాయి: "నిజమే", "సరైన పనే", "తొందరపాటు". మొదటిది తప్పును ఒప్పుకుంటుంది, రెండోది మెచ్చుకుంటుంది, మూడోది లోవెల్ పక్షాన నిలబడుతుంది. షరతు ఉంది, మెచ్చుకోలు ఉంది, చివరికి మొగ్గు ఎటో కూడా ఉంది. అందుకే క్వాలిఫైడ్ అడ్మిరేషన్.

ఇంగ్లీషు పాసేజ్‌లో ఇతరుల మాటను అందించే క్రియ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మాట వేరేవాళ్లదే అయినా, ఆ క్రియను ఎంచుకున్నది రచయిత. "పాయింట్స్ అవుట్", "షోస్", "డెమాన్‌స్ట్రేట్స్" అని రాస్తే ఆ మాటను తానూ ఒప్పుకున్నట్టు. "క్లెయిమ్స్", "అసర్ట్స్" అంటే మాట వాళ్లది, పూచీ నాది కాదు అన్నట్టు. "సేస్", "స్టేట్స్" ఏమీ చెప్పవు. "లోవెల్ క్లెయిమ్డ్" అని ఉన్న పాసేజ్‌కీ "లోవెల్ షోడ్" అని ఉన్న పాసేజ్‌కీ టోన్ ఒకటే అవదు. నేనైతే టోన్ ప్రశ్న చూడగానే ముందు ఈ క్రియలే వెతుకుతాను, విశేషణాల జోలికి తర్వాత వెళ్తాను. విశేషణాలు అరుస్తాయి కాబట్టి అందరూ వాటినే పట్టుకుంటారు.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే సంగతి. యాంబివాలెంట్. పాసేజ్‌లో ఒక మంచి, ఒక చెడు కనబడగానే చాలామంది కళ్లు మూసుకుని ఇదే పెట్టేస్తారు. మంచీ చెడూ రెండూ లేని పాసేజ్ పరీక్షలో రావడమే అరుదు. అలాగైతే ప్రతి ప్రశ్నకూ ఇదే జవాబు కావాలి. ఈ మాటకు కావలసింది రెండు వైపులా నిజమైన లాగుడు, చివరికి అది తెగకపోవడం. తెగిందా, లేదా అన్నదే పరీక్ష.

పై పాసేజ్‌లో చివరి వాక్యం ఒక్కటే మారుద్దాం. మొదటి మార్పు: "లేని కాలువలు చూసిన కళ్లే కొత్త గ్రహం వెతుకులాటకూ దారి చూపాయి. ఆయన్ను మెచ్చుకోవాలో జాలిపడాలో తేల్చుకోవడం కష్టం." ఇది యాంబివాలెంట్. రచయితకు రెండు భావాలూ ఉన్నాయి, రెండూ బలమైనవే, తెంపలేకపోయాడు.

రెండో మార్పు: "కొందరు చరిత్రకారులు ఆయన్ను ఔత్సాహికుడిగా చూస్తారు, మరికొందరు మార్గదర్శకుడిగా చూస్తారు." దీన్ని కూడా యాంబివాలెంట్ అనేవాళ్లున్నారు. కాదు. రెండు మనసులున్నది చరిత్రకారులకు. రచయిత ఈ వాక్యంలో ఏ వైపూ పోలేదు. పాసేజ్ మొత్తం ఇదే తీరులో ఉంటే ఆబ్జెక్టివ్ అనో డిటాచ్డ్ అనో అంటారు. మన పాసేజ్‌లో "సరైన పనే" అన్న వాక్యం పైన అలాగే ఉంది కాబట్టి, ఈ మార్పు తర్వాత కూడా మెచ్చుకోలు పూర్తిగా పోదు, పలచబడుతుంది. ఒక్క చివరి వాక్యం చూసి మొత్తానికి పేరు పెట్టకూడదనడానికి ఇదే ఉదాహరణ.

మూడో మార్పు: "లేని కాలువలకు పేర్లు కూడా పెట్టగలిగిన ఘనత మాత్రం ఆయనకే దక్కాలి." పైకి మెచ్చుకోలు, లోపల చురక. ఇది ఐరానిక్. చురక ఇంకా ముదిరితే సర్కాస్టిక్. ఇక్కడ "ఘనత" అన్న మంచి మాట చూసి అడ్మిరేషన్ పెడితే బోల్తాపడ్డట్టే. మంచి మాట పక్కన నవ్వులాటకు తప్ప పనికిరాని కారణం ఉంటే అనుమానించండి.

నాలుగోది కాలం వెనక్కి తీసుకెళ్లి చూద్దాం. 1909లో అంటోనియాడి అనే పరిశీలకుడు ఫ్రాన్స్‌లోని మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల పెద్ద టెలిస్కోపుతో అంగారకుణ్ని చూస్తే, తిన్నని గీతల బదులు చెదురుమదురు మచ్చలు కనిపించాయి. ఆ రోజుల్లో రాసిన రచయిత ఇలా అన్నాడనుకోండి: "పెద్ద టెలిస్కోపులో కనిపించని గీతలు చిన్నదాంట్లో ఎందుకు కనిపిస్తున్నాయో లోవెల్ ఇంకా చెప్పాల్సి ఉంది." ఇది స్కెప్టికల్. తప్పని తేల్చలేదు, ఆధారం అడుగుతున్నాడు. "లోవెల్ తన కంటి పొరపాటును ఆధారంగా చూపిస్తున్నాడు" అంటే క్రిటికల్. ఇది తీర్పు. "దీని మీద చర్చించడమే దండగ" అంటే డిస్మిసివ్. వాదన వినడానికి కూడా ఒప్పుకోవడం లేదు. ఈ మూడింటినీ కలిపి నెగటివ్ అని ఒకే బుట్టలో పడేస్తే, ఆప్షన్లలో మూడూ పక్కపక్కన వచ్చిన రోజున చేతులెత్తేయాలి.

ఇంగ్లీషులో ఈ మూడింటి ఆనవాళ్లు వేర్వేరు. స్కెప్టికల్ చోట "పర్పోర్టెడ్లీ", "సో-కాల్డ్", "ఇట్ రిమెయిన్స్ టు బి సీన్" లాంటివి కనబడతాయి. క్రిటికల్ చోట "ఫెయిల్స్ టు", "ఓవర్‌లుక్స్", "ఫ్లాడ్" వస్తాయి. డిస్మిసివ్‌కు "మియర్లీ", "నథింగ్ మోర్ దాన్" అలవాటు. క్వాలిఫైడ్ మెచ్చుకోలు "డిస్పైట్", "లార్జ్‌లీ", "టు హిస్ క్రెడిట్" వెంట వస్తుంది. ఒక్క "అట్ బెస్ట్" చూసి మోసపోకండి. బెస్ట్ అని ఉన్నా అది పొగడ్త కాదు, ఇంతకుమించి లేదని కిందికి లాగే మాట.

ఇన్‌డిఫరెంట్ గురించి ఒక్క వాక్యం చాలు: పనిగట్టుకుని ఒక మనిషి మీద పాసేజ్ రాసినవాడికి అతని సంగతి పట్టదని అనుకోవడం కష్టం, కాబట్టి నేను ఆ ఆప్షన్‌ను దాదాపు ఎప్పుడూ మొదట్లోనే కొట్టేస్తాను. డిస్‌ఇంటరెస్టెడ్ కనబడితే మాత్రం అలా కొట్టకండి. టోన్ ప్రశ్నల్లో అది నిష్పాక్షికం అన్న అర్థంలో వస్తుంది.

బలం కొలవడానికి నా సొంత చిట్కా ఒకటుంది, ఏ పుస్తకంలోనూ వెతక్కండి. ఆప్షన్లు చూడకముందే, లోవెల్ ఎదురుగా కూర్చుంటే ఈ రచయిత ఏమంటాడో ఒక్క ముక్కలో రాసుకుంటాను. పై అసలు పాసేజ్‌కు నేను రాసుకున్నది: "కాలువల విషయంలో పొరబడ్డారు గానీ మీ పని వృథా పోలేదండీ." ఆ ముక్కతో ఆప్షన్లను పోల్చితే డిరైసివ్ దానంతటదే పడిపోతుంది. రెవరెన్స్, అంటే భక్తి, ఆప్షన్‌గా ఉన్నా పడిపోతుంది, ఎందుకంటే భక్తుడు "పొరబడ్డారు" అనడు. ఆప్షన్లు ముందు చూస్తే ఈ పని చెడుతుంది. అవి మీ నోట్లో మాట పెట్టేస్తాయి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టపెడతాను. పై పాసేజ్‌లో మొదటి రెండు వాక్యాలు ముట్టుకోకండి. మిగతా భాగాన్ని ఐదుసార్లు తిరిగి రాయండి: స్కెప్టికల్, డిస్మిసివ్, ఐరానిక్, యాంబివాలెంట్, ఆబ్జెక్టివ్. సంవత్సరాలు, ఊళ్లు, జరిగిన సంగతులు ఏవీ మారకూడదు, కొత్తవి చేర్చకూడదు. మంచి, చెడ్డ, గొప్ప, పిచ్చి లాంటి విశేషణం ఒక్కటి కూడా వాడకూడదు. టోన్ అంతా క్రియల నుంచి, వాక్యాల వరస నుంచి, ఎవరి గొంతు ఎక్కడ పెట్టారన్న దాన్నుంచే రావాలి. స్కెప్టికల్ రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది: 1965 ఫొటోలు కళ్లముందుండగా అనుమానించడానికి ఏం మిగిలింది? అనుమానాన్ని దేని మీదకు మళ్లించాలో మీరే తేల్చుకోండి. రాసిన ఐదూ వరస మార్చి ఇంకొకరికి ఇవ్వండి, ఏది ఏ టోనో వాళ్లని చెప్పమనండి. వాళ్లు తప్పు చెప్పినవి మాత్రమే నాకు పంపండి. 6వ పాఠం వాటితోనే మొదలవుతుంది.