స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు, 4వ పాఠం: రే తెర దాటితే ఏం చేయాలి?

గత పాఠంలో నేల మీది ఒక్కో పిక్సెల్ నుంచి రే వదిలి, డెప్త్ బఫర్‌లో అడుగులు వేసుకుంటూ వెళ్లి, అది తగిలిన చోటి రంగును తెచ్చుకున్నాం. కెమెరా నిటారుగా ఉన్నంతసేపు బొమ్మ బాగానే వచ్చి ఉంటుంది. కొంచెం కిందికి వంచితే ప్రతిబింబం కత్తిరించినట్టు మాయమై ఉంటుంది. కోడ్‌లో తప్పేమీ లేదు. తెర మీద లేని దాని గురించి డెప్త్ బఫర్‌కు ఏమీ తెలియదు, అంతే.

ఇది సరిగ్గా ఎప్పుడు జరుగుతుందో లెక్క వేద్దాం. 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు ఉన్న హాలు. నేల అద్దంలా మెరుస్తోంది. ఎదుటి గోడ కెమెరాకు 8 మీటర్ల దూరంలో ఉంది, వెనక గోడ 4 మీటర్ల దూరంలో. ఎదుటి గోడ మీద 3 మీటర్ల ఎత్తులో ఎర్ర బోర్డు వెలుగుతోంది. కెమెరా ఎత్తు 1.6 మీటర్లు, నిలువు ఫీల్డ్ ఆఫ్ వ్యూ 60 డిగ్రీలు, అంటే మధ్య నుంచి పైకి 30, కిందికి 30.

నేలలో బోర్డు ప్రతిబింబం ఎక్కడ కనిపిస్తుంది? బోర్డును నేలకు 3 మీటర్లు కింద ఉన్నట్టు ఊహించి, కెమెరా నుంచి దానికి గీత గీయండి. 8 × 1.6 / 4.6, అంటే కెమెరాకు 2.78 మీటర్ల ముందు ఆ గీత నేలను తాకుతుంది. కెమెరా నుంచి చూస్తే ఆ చోటు 30 డిగ్రీలు కిందికి ఉంది. అసలు బోర్డు మాత్రం 10 డిగ్రీలు పైకి ఉంది. ఇప్పుడు కెమెరాను 20 డిగ్రీలు కిందికి వంచితే బోర్డు సరిగ్గా తెర పై అంచుకు చేరుతుంది. 25 డిగ్రీలు వంచితే బోర్డు తెర బయటికి పోతుంది, దాని ప్రతిబింబం పడాల్సిన చోటేమో దాదాపు తెర నడిమధ్యకు వస్తుంది. నేలను చూద్దామని ఆటగాడు తల వంచిన క్షణంలోనే ప్రతిబింబం పోతుందన్నమాట. ఎస్‌ఎస్‌ఆర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఇదే.

పోవడాన్ని ఆపలేం, అది ఠక్కున పోకుండా మాత్రం చూడగలం. రే తగిలిన చోటు తెర అంచుకు దగ్గరయ్యే కొద్దీ దాని మీద నమ్మకం తగ్గించాలి. ఆ నమ్మకాన్ని `c` అందాం. అది తగ్గిన మేరకు లోటును ప్రోబ్‌తో, అంటే గదిలోంచి ముందే తీసి పెట్టుకున్న బొమ్మతో నింపుతాం.

```glsl
vec2 e = smoothstep(0.0, 0.1, hitUV)
       * (1.0 - smoothstep(0.9, 1.0, hitUV));
float c = hit ? e.x * e.y : 0.0;
vec3 radiance = mix(probe, ssr, c);
```

ఇక్కడ చూడాల్సింది `hitUV`ని, అంటే రే వెళ్లి తగిలిన చోటిని. రే బయలుదేరిన నేల పిక్సెల్ `uv` వాడితే తెర అంచున ఉన్న నేల అంతా అనవసరంగా మసకబారుతుంది, అసలు సమస్య అలాగే ఉంటుంది. మన హాలులో 15 డిగ్రీల వంపు దగ్గర బోర్డు `uv` ఎత్తు 0.90, 17.5 దగ్గర 0.95, 20 దగ్గర 1.0. అంటే 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఎస్‌ఎస్‌ఆర్ మెల్లగా తప్పుకుని, ప్రోబ్ దాని చోటు తీసుకుంటుంది. 0.1 బదులు 0.02, 0.9 బదులు 0.98 పెడితే ఇదంతా ఒక్క డిగ్రీలో జరిగిపోయి కంటికి మినుకుమన్నట్టు ఉంటుంది. నా మటుకు 0.1 కన్నా తక్కువ పెట్టను.

ఇక ఆ ప్రోబ్ సంగతి. గది మధ్యలో ఒక చోటు నుంచి ఆరు వైపులా ముందే తీసి పెట్టుకున్న క్యూబ్‌మ్యాప్ అది. దాన్ని ప్రతిబింబ దిశతో నేరుగా చదివితే ఏమవుతుందో మన హాలులోనే చూడండి. ప్రోబ్ హాలు నడిమధ్యన, అంటే కెమెరాకు 2 మీటర్ల ముందు, 2 మీటర్ల ఎత్తులో ఉంది. నేల నుంచి బోర్డుకు వెళ్లే రే 30 డిగ్రీలు పైకి పోతుంది. అదే దిశలో ప్రోబ్ నుంచి బయలుదేరితే గోడ దాకా వెళ్లకముందే, మూడున్నర మీటర్లు ముందుకు పోయేసరికి పైకప్పు తగులుతుంది. బోర్డు ఉండాల్సిన చోట సున్నం వేసిన కప్పు కనబడుతుంది. ఎంత నెమ్మదిగా కలిపినా ఎర్ర రంగు తెల్లగా మారడం దాగదు.

దీనికి మందు పారలాక్స్ కరెక్షన్. సెబాస్టియన్ లగార్డ్, ఆంటోయిన్ జనుటిని 2012 సిగ్రాఫ్‌లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ అంతటా వాడుకలో ఉంది. యూనిటీ రిఫ్లెక్షన్ ప్రోబ్‌లో `Box Projection` అనే టిక్ ఇదే. గదిని ఒక పెట్టె అనుకుని, రే అసలు చోటు `P` నుంచి ప్రతిబింబ దిశ `R`లో బయలుదేరి పెట్టె గోడను ఎక్కడ తాకుతుందో కనుక్కోవాలి. ఆ చోటు ప్రోబ్‌కు ఏ దిశలో ఉందో ఆ దిశలో క్యూబ్‌మ్యాప్ చదవాలి.

```glsl
vec3 t1 = (boxMin - P) / R;
vec3 t2 = (boxMax - P) / R;
vec3 tf = max(t1, t2);
float t = min(tf.x, min(tf.y, tf.z));
vec3 dir = P + R * t - probePos;
```

మన రే గోడను 3 మీటర్ల ఎత్తులో తాకుతుంది. ప్రోబ్ నుంచి అది 6 మీటర్లు ముందుకు, 1 మీటరు పైకి. అంటే చదవాల్సిన దిశ సుమారు 9.5 డిగ్రీలు, 30 కాదు. బోర్డు దొరికింది. గదిలో బల్లలు, స్తంభాలు ఉంటే ఈ పద్ధతి వాటిని కూడా గోడకు అతికించినట్టే చూస్తుంది కాబట్టి అవి వంకరగా వస్తాయి. కదిలే మనుషులైతే ప్రోబ్‌లో అసలుండరు.

తెర లోపల కూడా సమాచారం దొరకని సందర్భం ఒకటుంది. కెమెరాకూ గోడకూ మధ్య ఒక మనిషి నిలబడితే, అతని వెనక గోడ ఉందని డెప్త్ బఫర్‌కు తెలియదు. రే ఆ పిక్సెల్‌ల దగ్గరికి వచ్చేసరికి అతని కంటే చాలా లోతులో ఉంటుంది. అతనికి తగిలిందా, వెనక నుంచి పోయిందా? బఫర్‌లో ముందు ముఖం లోతు ఒక్కటే ఉంది కాబట్టి మనమే ఒక మందం ఊహించాలి. రే లోతుకూ బఫర్ లోతుకూ తేడా ఆ మందం లోపు ఉంటేనే తగిలినట్టు, ఎక్కువైతే ముందుకు సాగాలి, చివరికి ఏదీ దొరకకపోతే `c` సున్నా.

మందం ఎక్కువ పెడితే మనిషి రంగు నేల మీద సాగదీసినట్టు చారలుగా పడుతుంది. మరీ తగ్గిస్తే ఇంకో తిప్పలు. 8 మీటర్ల రేను 32 అడుగులుగా నడిపిస్తే అడుగు 0.25 మీటరు, మన రే వాలులో లోతు మార్పు దాదాపు 0.22. మందం 0.1 పెడితే గోడను దాటిన మొదటి అడుగు సగానికి పైగా పిక్సెల్‌లలో 0.1 కంటే లోతుగా పడి, తగల్లేదని తేలుతుంది. నేల మీద గళ్ల లుంగీలా అడ్డగీతలు కనిపిస్తే కారణం ఇదే. మందం అడుగులోని లోతు మార్పు కంటే తక్కువ ఉండకూడదు. 0.3తో మొదలుపెట్టండి. మనిషి వెనక ఖాళీని ప్రోబే నింపాలి. అక్కడ రంగు తేడా ఉంటే మనిషి ఆకారంలోనే ఒక నీడ అతనితో పాటు నేల మీద తిరుగుతుంది. దాన్ని బట్టే జబ్బు గుర్తు పట్టవచ్చు.

చివరిగా, కలపడం ఎక్కడ అన్నది. చాలా రెండరర్లలో లైటింగ్ పాస్‌లోనే ప్రోబ్ వెలుగు నేలకు చేరిపోయి ఉంటుంది. దాని మీద ఎస్‌ఎస్‌ఆర్‌ను కూడితే ఒకే వెలుగు రెండుసార్లు పడుతుంది. పైన `mix` చేసింది లోపలికి వచ్చే వెలుగును. ఫ్రెనెల్, గరుకుతనం లెక్కలు ఆ తర్వాత ఒక్కసారే వర్తించాలి. కాబట్టి ప్రోబ్ భాగాన్ని లైటింగ్ పాస్ నుంచి తీసేసి, ఎస్‌ఎస్‌ఆర్ తర్వాత ఒకేచోట కలపండి. సరిచూడటం సులువే. గోడలు, కప్పు అన్నిటికీ ఒకే బూడిద రంగు ఎమిసివ్ ఇచ్చి, మిగతా లైట్లు ఆపి, ప్రోబ్‌ను మళ్లీ తీయండి. అప్పుడు ఎస్‌ఎస్‌ఆర్ ఎక్కడ ఆగి ప్రోబ్ ఎక్కడ మొదలైందో నేల మీద తెలియకూడదు. గీత కనిపిస్తే రెండుసార్లు కూడుతున్నారనో, రెంటికీ ఎక్స్‌పోజర్ కలవలేదనో అర్థం.

అభ్యాసం: బోర్డును 2 మీటర్ల ఎత్తుకు దించండి. ఏ వంపు దగ్గర మసకబారడం మొదలవుతుందో, ఏ వంపు దగ్గర పూర్తిగా ప్రోబ్‌కు మారుతుందో ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత `c`ని బూడిద రంగుగా తెర మీద వేసి చూడండి. 22, 27 డిగ్రీల దగ్గర రావాలి. వచ్చే పాఠంలో నేలను గరుకు చేస్తాం.