వీడియోలో పాకే లైటు చారలను తొలగించడం ఎలా?

గదిలో తీసిన వీడియోను పెద్ద తెర మీద చూసినప్పుడు, గోడ మీద అడ్డంగా నల్లటి చారలు పైకో కిందికో పాకుతూ కనిపిస్తాయి. తీసేటప్పుడు కంటికి కనబడలేదు, ఇప్పుడు మళ్లీ తీసే వీలు లేదు. ఇలాంటి వీడియోను చాలావరకు బాగు చేయవచ్చు. అయితే ఏదో ఒక ఫిల్టర్ వేసే ముందు ఆ చార ఎన్ని ఫ్రేములకు ఒకసారి మొదటి చోటికి వస్తోందో తెలుసుకోవాలి. మిగతా పని అంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా చార ఎందుకు వస్తుందో చూద్దాం. కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తే, పాత తరహా ట్యూబ్‌లైటూ నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ దీపమూ ఒక్కో ఆవృత్తికి రెండేసి చొప్పున సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తాయి. ఫోన్లు, మామూలు కెమెరాలు ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవు. సెన్సరు పై వరుస నుంచి కింది వరుస దాకా వరసగా చదువుకుంటూ పోతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు చీకటిగా, పెరిగిన క్షణంలో చదివినవి కాంతిగా నమోదవుతాయి. అదే చార.

ఇప్పుడు లెక్క. వీడియో సెకనుకు 30 ఫ్రేములది అనుకుందాం. 100ను 30తో భాగిస్తే 3.33. అంటే ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు వెళ్లేసరికి దీపం మూడు పూర్తి ఆవృత్తులు, ఆపైన ఇంకో మూడో వంతు ముగిస్తుంది. ఆ మిగులు మూడో వంతు వల్లే చార జరుగుతుంది, మూడు ఫ్రేములకు మళ్లీ మొదటి చోటికి చేరుతుంది. అదే 24 ఫ్రేముల వీడియోలో మిగులు ఆరో వంతు కాబట్టి ఆరు ఫ్రేములకు చేరుతుంది. కరెంటు 60 ఆవృత్తులది, వీడియో 25 ఫ్రేములది అయితే అయిదు ఫ్రేములు పడుతుంది. 50 ఆవృత్తుల కరెంటులో 25 ఫ్రేములు తీస్తే మాత్రం మిగులే ఉండదు, చార ఉన్న చోటే నిలిచిపోతుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

లెక్కను కంటితో సరిచూసుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ గోడ కనిపించే చోట ఆపి, బాణం మీటతో ఒక్కో ఫ్రేము ముందుకు జరపండి. నల్ల చార మధ్యభాగం ఎక్కడుందో గుర్తుంచుకుని, మళ్లీ అక్కడికే రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కించండి. లెక్కతో కుదరకపోతే, డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీ తనదైన వేరే వేగంతో మిణుకుతూ ఉండవచ్చు. అప్పుడు కంటికి కనిపించిన అంకెనే తీసుకోండి.

ఆ మూడు ఫ్రేములను కలిపి సగటు చేస్తే చార పోవాలి కదా అనిపిస్తుంది. నిజంగానే పోతుంది, ఎందుకంటే ప్రతి వరుసా ఒకసారి చీకటిలో, ఒకసారి వెలుగులో, ఒకసారి నడుమన పడింది. కానీ మనిషి చెయ్యి కదిపిన చోటల్లా మూడు చేతులు నీడలా కనిపిస్తాయి. కదలిక లేని దృశ్యానికి తప్ప ఆ పద్ధతి పనికిరాదు. మనం సగటు చేయవలసింది బొమ్మను కాదు, వరుసల వెలుగును మాత్రమే. ప్రతి ఫ్రేమునూ అడ్డంగా బాగా మసకబారిస్తే వివరాలు పోయి వరుసల వెలుగు మాత్రం మిగులుతుంది. ఆ మసక రూపాన్ని మూడు ఫ్రేములకు సగటు చేస్తే చార లేని వెలుగు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఆ రెండింటి తేడాను అసలు ఫ్రేముకు కలిపితే చాలు, బొమ్మ పదును అలాగే ఉంటుంది.

ఉచితంగా దొరికే వీడియో సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఈ పని ఒకే ఆదేశంతో జరుగుతుంది. ఉదాహరణకు తెల్ల గోడ ముందు కూర్చుని ఒకరు మాట్లాడుతున్న 1920×1080, 30 ఫ్రేముల వీడియోను తీసుకుందాం.

```
ffmpeg -i in.mp4 -filter_complex "[0:v]format=yuv420p,split[a][t];[t]avgblur=sizeX=400:sizeY=1,split[b][u];[u]tmix=frames=3[c];[c][b]blend=all_mode=grainextract[d];[a][d]blend=all_mode=grainmerge[v]" -map "[v]" -map "0:a?" -crf 16 -c:a copy out.mp4
```

ఇందులో `frames=3` దగ్గర మీరు లెక్కించిన అంకె వేయండి. `sizeX=400` అడ్డంగా మసకబార్చే దూరం. `sizeY`ని మాత్రం 1 దగ్గరే ఉంచాలి, నిలువుగా మసకబారిస్తే చార కూడా కరిగిపోయి దిద్దడానికి ఏమీ మిగలదు. ట్యూబ్‌లైటు చారల్లో కొన్నిసార్లు వెలుగుతో పాటు పసుపు, నీలి ఛాయ కూడా మారుతుంది. ఈ ఆదేశం రంగుకూ ఇదే దిద్దుబాటు చేస్తుంది.

ఫలితాన్ని గోడ మీద కాక నల్లటి వస్తువుల మీద పరీక్షించండి. ఈ పద్ధతి ఒకే వరుసలోని నలుపుకూ తెలుపుకూ దాదాపు సమానంగా వెలుగు కలుపుతుంది. నిజానికి చార తెల్లటి చోట ఎక్కువ, నల్లటి చోట తక్కువ దెబ్బతీస్తుంది. అందువల్ల నల్ల కోటు మీద ఇప్పుడు చార తిరగబడి, చీకటి ఉన్న చోట తేలికైన వెలుగుగా కనిపించవచ్చు. అలా జరిగితే చివరి దశలో `blend=all_mode=grainmerge:all_opacity=0.7` అని రాసి దిద్దుబాటు బలాన్ని తగ్గించండి. అయినా కనిపిస్తే, ఎడిటింగ్‌లో దిద్దిన వీడియో మీద అసలు వీడియోను పెట్టి, ఆ కోటు మేరకు మాత్రమే మాస్కు గీయండి.

అదే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో `deflicker` అనే ఫిల్టర్ ఉంది కదా అని చాలామంది దాన్నే ముందుగా పట్టుకుంటారు. అది ఫ్రేము మొత్తం వెలుగునే సమం చేస్తుంది, ఒకే ఫ్రేములో ఉన్న చారలను తాకలేదు. టైమ్‌లాప్స్ వీడియోల్లో వెలుగు ఎగుడుదిగుళ్లకు అది సరైనది. డబ్బు చెల్లించే డావిన్సీ రిజాల్వ్ స్టూడియో మీ దగ్గరుంటే అందులోని డీఫ్లికర్‌లో `Fluoro Light` ఎంచుకుని చూడండి. కదలిక ఎక్కువున్న దృశ్యాలకు నేను దాన్నే ముందు ప్రయత్నించమంటాను.

ఏ పద్ధతి అయినా ఈ పని అన్నిటికంటే ముందు జరగాలి. స్టెబిలైజ్ చేసినా, వంచి కత్తిరించినా, వేగం మార్చినా చార వరుస తప్పుతుంది. ఫ్రేముల వేగం మార్చినప్పుడు కొన్ని ఫ్రేములు రెండుసార్లు రావడమో ఎగిరిపోవడమో జరిగి మన లెక్కే చెడుతుంది. ఫోన్లు తీసే వీడియోల్లో ఫ్రేముల మధ్య వ్యవధి స్వతహాగానే కొంత మారుతుంది. అక్కడక్కడ చార తళుక్కుమంటే కారణం అదే కావచ్చు, ఆ ముక్కను విడిగా దిద్దుకోవాలి.

నిలిచిపోయిన చారకు సగటు పని చేయదు, ఏ ఫ్రేములో చూసినా అదే వరుస చీకటిగా ఉంటుంది. కెమెరా కదలకుండా తీసినదైతే, చార ఆకారంలో అంచులు మెత్తగా కరిగే మాస్కు గీసి ఆ మేరకు వెలుగు పెంచండి. వీడియో పొడవునా అది నెమ్మదిగా జరుగుతుంటే మాస్కుకు మొదట, చివర కీఫ్రేములు పెట్టండి.

అతి తక్కువ షట్టర్ సమయంతో, సెకనులో 1/1000 వంతుతో తీసిన వీడియోలో చారలు పూర్తి నలుపు దాకా పోవచ్చు. అక్కడ పెంచడానికి సమాచారమే ఉండదు, పెంచితే గరుకు మాత్రమే బయటపడుతుంది. తెల్లగా మాడిపోయిన గోడకూ ఇదే పరిమితి. మళ్లీ అదే గదిలో తీయవలసి వస్తే, 50 ఆవృత్తుల కరెంటులో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర, 60 ఆవృత్తుల కరెంటులో 1/60 లేదా 1/120 దగ్గర స్థిరంగా పెట్టండి. అప్పుడు ప్రతి వరుసా దీపం పూర్తి ఆవృత్తులనే చూస్తుంది కాబట్టి చార పుట్టదు.