సాక్షి చేత ఊహాచిత్రం గీయించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

1984 జూలైలో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం బర్లింగ్టన్‌లో అత్యాచారానికి గురైన ఒక విద్యార్థిని, దుండగుడి ముఖాన్ని ఎలాగైనా గుర్తుంచుకోవాలని దాడి సమయంలోనే పట్టుదలగా పరిశీలించింది. ఆమె చెప్పిన పోలికలతో పోలీసులు ఊహాచిత్రం తయారుచేశారు. తర్వాత ఆరు ఫొటోలు చూపగా ఆమె రోనాల్డ్ కాటన్ ఫొటోను ఎంచుకుంది. గుర్తింపు పరేడ్‌లోనూ అతన్నే చూపింది. డీఎన్ఏ పరీక్ష 1995లో అసలు నేరస్థుడు బాబీ పూల్ అని తేల్చేసరికి కాటన్ పదేళ్లకు పైగా జైలులో గడిపాడు.

ఆమె అబద్ధమాడలేదు, అజాగ్రత్తగానూ లేదు. మనం ముఖాన్ని కళ్లు, ముక్కు, పెదవులుగా విడదీసి చూడము. వాటి మధ్య దూరాలతో సహా ఒకే రూపంగా గ్రహిస్తాము. ఊహాచిత్రం గీసేటప్పుడు మాత్రం సాక్షిని ఒక్కొక్క అవయవమే అడుగుతాము. సరిగా గుర్తులేని చోట సాక్షి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఆ ఎంపికలతో తయారైన బొమ్మ అసలు జ్ఞాపకంలో కలిసిపోవచ్చు. అందువల్ల అనుమానితుడు అప్పటికే దొరికి ఉంటే, ఆ సాక్షి చేత బొమ్మ గీయించకుండా నేరుగా ఫొటోల పరీక్షకు వెళ్లడం మేలు. గీయించక తప్పనప్పుడు, ముందుగా సాక్షిని తన మాటల్లో, మధ్యలో అడ్డుపడకుండా చెప్పనివ్వాలి. "గడ్డం ఉందా?" వంటి ప్రశ్న లేని గడ్డాన్ని తెచ్చిపెట్టగలదు. బొమ్మను పోలిన మనిషి దొరికాడన్నది దారి చూపే ఆధారమే తప్ప, నేరం అతనిదనడానికి రుజువు కాదు.

బర్లింగ్టన్‌లో అసలు నష్టం ఫొటోల దగ్గర మొదలైంది. ఆ ఆరింటిలో పూల్ ఫొటో లేదు. అసలు మనిషి లేనప్పుడు సాక్షులు తరచుగా ఉన్నవారిలో తమ జ్ఞాపకానికి దగ్గరగా ఉన్నవారిని ఎంచుకుంటారు. కాబట్టి నేరస్థుడు వీరిలో ఉండకపోవచ్చని ముందే స్పష్టంగా చెప్పాలి, మిగతా ఫొటోలు కూడా సాక్షి వర్ణనకు సరిపోయేవిగా ఉండాలి. అనుమానితుడెవరో తెలియని అధికారి చేతనే చూపించడం అవసరం, ఎందుకంటే తెలిసినవారు తమకు తెలియకుండానే సూచన ఇస్తారు.

ఫొటోల్లోనూ పరేడ్‌లోనూ కనిపించిన వ్యక్తి కాటన్ ఒక్కడే. అంటే రెండోసారి ఆమెకు పరిచితంగా తోచిన ముఖం నేరస్థలానిది కాక, ఫొటోలోది అయ్యే వీలుంది. ఫొటోల్లో ఎంచుకున్నది కూడా ఇతన్నే అని పరేడ్ తర్వాత పోలీసులు చెప్పడంతో ఆమె నమ్మకం మరింత బలపడింది. 1987లో జరిగిన రెండో విచారణలో పూల్‌ను ఎదుట నిలబెట్టినా, అతన్ని ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. అందుకే మొదటిసారి ఎంచుకున్న క్షణంలోనే, ఎవరూ ఏమీ అనకముందే, ఎంత ఖాయంగా చెప్పగలరో సాక్షి మాటల్లోనే రాసుకోవాలి. వీలైతే మొత్తం వీడియో తీయాలి. నెలల తర్వాత కోర్టులో వినిపించే ధీమా కంటే ఆ తొలి మాటకే విలువ ఎక్కువ.