కంపెనీ ఫారం 16 ఇవ్వకపోతే: 26ఏఎస్ ముందు చూసుకోండి

జీతంలో పన్ను కోసుకున్న యజమాని, దానికి సర్టిఫికెట్ అయిన ఫారం 16ను జూన్ 15 లోగా ఇచ్చి తీరాలి. ఇది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 203వ సెక్షన్ చెప్పిన మాట. ఉద్యోగం మానేసినవాళ్లకూ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల జరిమానా యజమానికే పడుతుంది, అయితే అది కోసిన పన్నును మించదు. జీతంలో పన్నే కోయకపోతే మాత్రం ఫారం 16 కోసం పట్టుబట్టడానికి చట్టం ఆధారం ఇవ్వదు.

ఒక విషయం ముందే తెలుసుకోండి. ఫారం 16ను ఆదాయపు పన్ను శాఖ వారి ట్రేసెస్ సైట్ నుంచి దించుకోగలిగేది యజమాని ఒక్కరే. పాన్ నంబర్ చెప్తే ఫారం 16 తీసిస్తామని డబ్బు అడిగేవాళ్లు తీసిచ్చేది కంప్యూటర్‌లో కొట్టిన కాగితమే. భీమవరంలో మా పిన్ని కొడుకు అలాంటి కాగితానికి రెండు వేలు ఇచ్చాడు. అందులో సర్టిఫికెట్ నంబరే లేదు.

నిజానికి రిటర్న్ వేయడానికి ఫారం 16 తప్పనిసరి కాదు. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 26ఏఎస్ ఉంటే చాలు. incometax.gov.in లో లాగిన్ అయ్యి e-File, Income Tax Returns, View Form 26AS నొక్కితే, మీ పాన్ మీద ఎవరెంత పన్ను జమ చేశారో కనిపిస్తుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. స్లిప్పులో కోసిన మొత్తం, 26ఏఎస్‌లో జమయిన మొత్తం ఒకటేనా అని చూడరు. ఆ తేడా దొరికితే, కంపెనీ ఫారం 16 ఎందుకు ఇవ్వడం లేదో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది.

మా తమ్ముడు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేసేవాడు. 2024-25లో జీతం నెలకు 70,000, ఏడాదికి 8,40,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 7,65,000. దానికి సెస్సుతో కలిపి పన్ను 27,560. కంపెనీ నెలకు 2,300 చొప్పున 27,600 కోసింది. 26ఏఎస్‌లో మాత్రం 20,700 ఉంది. జనవరి నుంచి మార్చి దాకా కోసిన 6,900 ఎక్కడా లేదు.

ఇలా తేలినప్పుడు ముందు కంపెనీకి స్పీడ్ పోస్టులో రసీదు కోరుతూ ఉత్తరం రాయండి. పాన్, ఉద్యోగి నంబర్, ఏ నెలల్లో ఎంత కోశారో రాసి, పదిహేను రోజుల గడువు పెట్టండి. కొన్నిసార్లు పాన్ తప్పు పడి, డబ్బు మరొకరి ఖాతాలో చూపిస్తుంది. అలాంటప్పుడు కంపెనీ తన త్రైమాసిక రిటర్న్‌ను సవరిస్తే సరిపోతుంది.

జవాబు రాకపోతే కూర్చోవద్దు. రిటర్న్ గడువు సాధారణంగా జూలై 31. దాటితే లేట్ ఫీజు మీకు పడుతుంది, కంపెనీకి కాదు. మావాడు స్లిప్పుల ప్రకారం మొత్తం 27,600 చూపించి రిటర్న్ వేశాడు. కొన్నాళ్లకు 6,860 రూపాయలు, దానిపై వడ్డీ కట్టమని డిమాండ్ నోటీసు వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఆ నోటీసు చూసి మళ్లీ డబ్బు కట్టేయకండి. జీతంలో పన్ను కోసేశాక దాన్ని ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెప్తుంది. యజమాని కోసి జమ చేయని సందర్భాల్లో ఉద్యోగిని ఒత్తిడి చేయవద్దని 2015 జూన్ 1న ప్రత్యక్ష పన్నుల బోర్డు అధికారులకు రాతపూర్వకంగా చెప్పింది. అయినా కంప్యూటర్ నుంచి నోటీసు వస్తూనే ఉంటుంది. అందుకే పోర్టల్‌లో Response to Outstanding Demand లోకి వెళ్లి, డిమాండ్‌తో ఒప్పుకోవడం లేదని నమోదు చేసి, స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉత్తరం రసీదు మీ అసెసింగ్ అధికారికి ఇవ్వాలి. మీ అధికారి ఎవరో Know Your AO లో తెలుస్తుంది. కోసినట్టు రుజువు చేసే భారం మీదే కనుక, స్లిప్పులు ఉద్యోగంలో ఉన్నప్పుడే దాచుకోండి. మానేశాక కంపెనీ లాగిన్ మూసేస్తారు.

కంపెనీ మీద ఫిర్యాదు వేరుగా ఇవ్వాలి. పన్ను కోసే కంపెనీకిచ్చే టాన్ నంబర్ 26ఏఎస్‌లోనే ఉంటుంది. Know TAN Details లో ఆ నంబర్ కొడితే ఏ టీడీఎస్ అధికారి పరిధో కనబడుతుంది. కోసి కట్టకపోవడం జైలు దాకా వెళ్లే నేరం కాబట్టి, ఫిర్యాదు అందాక చాలా కంపెనీలు కదులుతాయి. మావాడి కంపెనీ కూడా అలాగే ఆ మూడు నెలల సొమ్ము జమ చేసింది. 26ఏఎస్‌లో కనబడగానే అతను Rectification లో Reprocess the Return పెట్టాడు. డిమాండ్ రద్దయింది.