రాడ్ లెక్కన చవక, కిలో లెక్కన ఖరీదు

ఇంటికి స్టీలు కొనేటప్పుడు ఇద్దరి కొటేషన్లు పక్కపక్కన పెట్టుకున్నాను. గ్రేడు రెండింటిలోనూ ఎఫ్‌ఈ 500డి, సైజు 12 ఎం.ఎం. మొదటి వ్యాపారి కిలో లెక్కన చెప్పాడు. రెండో ఆయన రాడ్ లెక్కన చెప్పాడు, రాడ్ ఉండాల్సిన బరువుతో లెక్కేస్తే అది 3 శాతం తక్కువగా కనిపించింది. దాదాపు అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ణే.

ఎందుకో అనుమానమొచ్చి రెండో ఆయన దగ్గర ఒక రాడ్ తూకం వేయించాను. ఎం.ఎం.లో ఉన్న వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం.కి అది 0.889. అంటే 12 మీటర్ల రాడ్ సుమారు 10.67 కిలోలు ఉండాలి. కాటా మీద 10.1 చూపించింది, ఐదు శాతం పైగా తక్కువ. మోసమని అనలేం, తయారీలో కొంత తేడాకు ప్రమాణాలే ఒప్పుకుంటాయి. కానీ కిలోకి మార్చి చూస్తే ఆ చవక రాడ్ రెండు శాతానికి పైగా ఖరీదు! పైగా రవాణా, దింపుడు కూలి విడిగా అన్నాడు. మొదటి ఆయన ధరలో అవి కలిసే ఉన్నాయి.

కిలో లెక్కన, కాటా చీటీతో, సరుకు సైటుకి చేరేదాకా అయ్యే మొత్తం ఖర్చు రాసివ్వమని ఇద్దరినీ అడిగాను. మొదటి ఆయన దగ్గరే కొన్నాను.

ఇటుకలకీ ఇదే పద్ధతి వాడాను. వెయ్యిలో 60 విరిగి వస్తే మొత్తం ఖర్చుని 940తో భాగించాలి (ముక్కలు మూలల్లో కొన్ని పనికొస్తాయనుకోండి). సిమెంటుతో ఇంత తలనొప్పి లేదు. ఓపీసీ రకం ధరని పీపీసీ రకం ధరతో పోల్చకుండా, బస్తా మీద తయారీ వారం చూసుకుంటే సరిపోయింది.