పన్ను ఒప్పంద మినహాయింపు నిరాకరించిన నోటీసుకు బదులిచ్చే ముందు

విదేశంలో చదువుకుంటూ, రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం కింద మీరు కోరిన మినహాయింపును అక్కడి పన్ను శాఖ నిరాకరిస్తే, ఆ నోటీసు ఏ సంవత్సరపు పన్ను గురించి, ఒప్పందంలోని ఏ అధికరణ కింద, ఏ కారణంతో నిరాకరించిందో, గడువు ఎప్పుడో ముందుగా చూసుకోవాలి.

చాలా ఒప్పందాల్లోని విద్యార్థి అధికరణ, ఆ దేశంలో అడుగుపెట్టే ముందు మీరు ఎక్కడి నివాసి అన్నది అడుగుతుంది. కాబట్టి 2021 సెప్టెంబరులో వెళ్లినవారికి 2023 పన్నుపై నోటీసు వచ్చినా, 2021 ప్రయాణానికి ముందు కాలానికి స్వదేశం ఇచ్చిన పన్ను నివాస ధ్రువపత్రమే జతచేయాలి. తాజా ధ్రువపత్రం పంపడం పొరపాటు.

వీసా పేజీతోపాటు తొలి ప్రవేశ ముద్ర ఉన్న పేజీ కూడా పంపాలి. వీసా జారీ తేదీ మీరు వచ్చిన తేదీ కాదు.

స్టైపెండ్ ఎవరిస్తున్నారో, బోధనకు వేతనమా, చదువుకు భృతియా అన్నది విశ్వవిద్యాలయ లేఖలో స్పష్టంగా ఉండాలి. విద్యార్థి అధికరణ తరచూ మీరు చదివే దేశానికి వెలుపలి మూలాల నుంచి వచ్చే భృతికే వర్తిస్తుంది.

అసలు పత్రాలు కాక నకళ్లే పంపి, పంపిన రశీదు దాచుకోవాలి.